పీడకల మారుతున్నదా?

కలలు తీరని కోరికలకు రూపాలని 1900లో సిగ్మండ్ ఫ్రాయిడ్ ప్రతిపాదించారు. వాంతులై పగలంతా పస్తున్న ఆయన 19 నెలల కూతురు ఆనా, ఆ రాత్రి నిద్రలో స్ట్రాబెర్రీలను పలవరించింది. ఈ కలకు ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. కానీ లారీ ప్రమాదం నుండి బయటపడిన వ్యక్తికి ప్రతి రాత్రీ అదే లారీ కనిపిస్తే, అందులో తీరే కోరిక ఏది? ఇటువంటి కలలు తన సూత్రానికి లొంగవని 1920లో ఫ్రాయిడే అంగీకరించారు.

కలలో సమస్యకు పరిష్కారం దొరుకుతుందన్నది మరో వాదం. డియర్‌డ్రా బారెట్ విద్యార్థులను వారం పాటు ఒక సమస్యను తలచుకుంటూ నిద్రించమన్నారు. సుమారు సగం మందికి దానికి సంబంధించిన కల వచ్చింది. అయితే జరిగిపోయిన ప్రమాదానికి పరిష్కారమేముంటుంది?

ఇక్కడ రోజలిండ్ కార్ట్‌రైట్ పరిశీలన అక్కరకు వస్తుంది. విడాకులతో కుంగినవారిలో, విడిపోయిన భాగస్వామి గురించి ఉద్వేగంతో కలగన్నవారు ఏడాది తర్వాత మెరుగ్గా కోలుకున్నారు. కల కొత్త బాధను పాత జ్ఞాపకాలతో కలిపి దాని పదును తగ్గిస్తుందని ఆమె భావించారు.

కనుక కలకు అర్థం వెదకడం కన్నా, అది మారుతున్నదా అని గమనించండి. లారీ స్థానంలో చిన్ననాటి వీధో, పాత మిత్రుడో చేరుతుంటే మనసు తన పని తాను చేసుకుంటున్నట్లే. నెల దాటినా అదే దృశ్యం, అదే ఉలికిపాటు అయితే మానసిక వైద్యుని సంప్రదించండి. పగటివేళ ఆ కలను వ్రాసి, దాన్ని మీకు నచ్చినట్లు మార్చి, కొత్త కథను రోజూ 10 నుండి 20 నిమిషాలు ఊహించుకునే చికిత్స ఉన్నది.