రెండు తాళాలు, నాలుగు భాగహారాలు

ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి పెట్టుకోండి. ఇవిగో రెండు సంఖ్యలు: 10,22,117, 20,21,027. ఈ రెండింటినీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య ఏది? స్కూల్లో గసాభా అని లెక్కలు చేశాం కదా, అదే.

స్కూల్లో నేర్చుకున్న మొదటి పద్ధతిలో వెళ్తే ముందు కారణాంకాలు తీయాలి. రెండుతో పోదు, మూడుతో పోదు, అయిదుతో పోదు, ఏడుతో పోదు... ఇలా ఒక్కో ప్రధాన సంఖ్యనీ ప్రయత్నిస్తూ పోతే మొదటి సంఖ్య 169వ ప్రయత్నంలో గానీ లొంగదు. అందాకా ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

ఇప్పుడు రెండో దారి. కారణాంకాల జోలికే వెళ్లొద్దు. పెద్దదాన్ని చిన్నదానితో భాగించి, శేషం మాత్రం ఉంచుకోండి. తర్వాత ఆ చిన్నదాన్ని ఈ శేషంతో భాగించండి. శేషం సున్నా వచ్చేదాకా ఇదే పని.

20,21,027లో 10,22,117 ఒక్కసారి పోతుంది. మిగిలింది 9,98,910.

10,22,117లో 9,98,910 ఒక్కసారి పోతుంది. మిగిలింది 23,207.

9,98,910లో 23,207 మొత్తం 43 సార్లు పోతుంది. మిగిలింది 1,009.

23,207లో 1,009 సరిగ్గా 23 సార్లు పోతుంది. మిగిలింది సున్నా.

అయిపోయింది. చివరగా భాగించిన 1,009 మన గసాభా. నాలుగే భాగహారాలు. నమ్మకం లేకపోతే సరిచూడండి: మొదటి సంఖ్య 1,009 × 1,013, రెండోది 1,009 × 2,003. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే, కాబట్టి ఇంతకన్నా పెద్ద ఉమ్మడి భాజకం ఉండే అవకాశమే లేదు.

ఇదెందుకు పనిచేస్తుందో కూడా ఒక్క నిమిషంలో తేలిపోతుంది. రెండు సంఖ్యల్నీ భాగించే సంఖ్య ఏదైనా వాటి తేడానీ భాగిస్తుంది. రెండు తాళ్లనూ ఒకే కొలత ముక్కలుగా వృథా లేకుండా కోయగలిగితే, పెద్ద తాడులో చిన్న తాడు పొడవు తీసేశాక మిగిలిన భాగాన్ని కూడా అదే కొలతతో కోయొచ్చు కదా. శేషం అంటే పదే పదే తేడా తీయడమే. అంటే ఒక్కో మెట్టుకీ సంఖ్యలు చిన్నవవుతాయి, వాటి మధ్య ఉన్న ఉమ్మడి కొలత మాత్రం చెక్కుచెదరదు. సుమారు క్రీ.పూ. 300లో యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' ఏడో పుస్తకం మొదట్లోనే దీన్ని రాసిపెట్టాడు. మన ఆర్యభటుడి కుట్టక పద్ధతిలోనూ ఉన్నది ఇలా శేషాలతో మళ్లీ మళ్లీ భాగించుకుంటూ పోవడమే.

పదో తరగతిలో మార్కుల కోసం చేసి వదిలేసిన ఈ లెక్క నాకు మళ్లీ ఎదురైంది ఆఫీసులోనే. నేను పనిచేసే టీమ్ షాపుల్లో బిల్లింగ్ మెషీన్ల వెనక ఉండే చిన్న గేట్‌వే పెట్టెలకు సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఒక్కో పెట్టె తన తాళాన్ని తనే తయారు చేసుకుంటుంది. ఆర్‌ఎస్‌ఏ తాళం అంటే స్థూలంగా ఇంతే: రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని రహస్యంగా ఎంచుకుని, వాటిని గుణించి, వచ్చిన లబ్ధాన్ని లోకమంతటికీ చూపించడం. లబ్ధం అందరికీ తెలుసు. దాని వెనకున్న రెండు సంఖ్యలు తెలిసినవాడు మాత్రం ఆ పెట్టె పేరుతో మాట్లాడగలడు. అంటే షాపు నుంచి వెళ్లే సమాచారానికి మధ్యలో కూర్చుని, నేనే ఆ పెట్టెనని నమ్మించగలడు.

సెక్యూరిటీ ఆడిట్ ముందు మా దగ్గరున్న 412 పెట్టెల తాళాల్ని పరిశీలించే పని నాకొచ్చింది. వాటి లబ్ధాల్ని జతలుగా తీసుకుని గసాభా చూస్తానంటే, హార్డ్‌వేర్ టీమ్‌లో సీనియర్ ఒకాయన నవ్వారు.

"617 అంకెల సంఖ్య కదమ్మా, దాన్నెవరు విడగొడతారు?"

"విడగొట్టక్కర్లేదు సార్. పక్కదానితో కలిపి చూస్తే చాలు."

ఆయన మాటలోనూ నిజముంది. ఆర్‌ఎస్‌ఏ-250 అనే 250 అంకెల సంఖ్యని 2020లో విడగొట్టారు. దానికి పట్టిన పని ఒక్క ప్రాసెసర్ కోర్ మీద వేస్తే దాదాపు 2,700 సంవత్సరాలకు సమానం. 617 అంకెలంటే అంతకన్నా ఎన్నో రెట్లు కష్టం. కానీ ఆ కష్టమంతా ఒంటరి సంఖ్యని విడగొట్టడంలో ఉంది. రెండు తాళాలు పొరపాటున ఒకే ప్రధాన సంఖ్యని పంచుకుంటే కథ మారిపోతుంది. పైన మనం చేసిన లెక్క అదే కదా: 10,22,117ని విడగొట్టకుండానే దాని లోపలి 1,009 మన చేతికొచ్చింది. ఇక రెండో కారణాంకం కోసం ఒక్క భాగహారం చాలు.

617 అంకెలకి ఎన్ని మెట్లు పడతాయి? ఇక్కడే ఈ పద్ధతి బలం తెలుస్తుంది. పెద్ద సంఖ్య 100 అనుకోండి. చిన్నది 50 గానీ అంతకు తక్కువ గానీ అయితే, శేషం దానికన్నా చిన్నదే కాబట్టి 50 లోపే ఉంటుంది. చిన్నది 70 అయితే ఒక్కసారే పోతుంది, మిగిలేది 30, ఇదీ 50 లోపే. ఎటు చూసినా ప్రతి రెండు మెట్లకీ సంఖ్య సగం కన్నా కిందికి పడిపోతుంది. 1844లో ఫ్రెంచ్ గణితవేత్త గాబ్రియేల్ లామే దీనికి ఇంకా కచ్చితమైన హద్దు నిరూపించాడు: చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో దానికి అయిదు రెట్లకు మించి మెట్లు పట్టవు. అంటే మా తాళాలకి ఎంత చెడ్డ పరిస్థితిలోనైనా 3,085 భాగహారాలు. కంప్యూటర్‌కి అది కనురెప్ప పాటు పని.

పైతాన్‌లో మొత్తం పద్ధతి ఇంతే:

```
def gcd(a, b):
    while b:
        a, b = b, a % b
    return a
```

ఇక్కడో జాగ్రత్త. పైతాన్ ఎంత పెద్ద పూర్ణాంకాన్నైనా అంకె పోకుండా మోస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యలు 9007199254740991 దాకా మాత్రమే నమ్మదగినవి. అది దాటితే చివరి అంకెలు గుట్టుచప్పుడు కాకుండా మారిపోతాయి, ఎర్రర్ కూడా రాదు. అందుకే అక్కడ `BigInt` వాడాలి. ఏ భాషలో చేసినా వచ్చిన జవాబుతో అసలు రెండు సంఖ్యల్నీ మళ్లీ భాగించి శేషం సున్నా వస్తోందో లేదో చూడండి. అంకెలు పోయి ఉంటే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది.

412 తాళాలంటే 84,666 జతలు. అన్నీ చూడటానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. 84,663 జతలకి జవాబు 1 వచ్చింది, అంటే వాటి మధ్య ఉమ్మడిగా ఏమీ లేదు. ఒక జతకి జవాబుగా పూర్తి 617 అంకెల సంఖ్యే వచ్చింది. అంటే రెండు పెట్టెల్లోనూ అచ్చం ఒకే తాళం ఉంది. దాని లోపలి సంఖ్యలు గసాభాకి దొరకవు గానీ, ఒక పెట్టె చేజిక్కినవాడికి రెండోది కూడా చిక్కినట్టే. మిగిలిన రెండు జతలకి 309 అంకెల సంఖ్యలు వచ్చాయి. నేను స్క్రీన్ చూపించగానే మా సీనియర్ కుర్చీ ముందుకు లాక్కున్నారు. ఆ 309 అంకెలు ఎవరికీ తెలియకూడని సంఖ్యలు. రెండు జతలు, నాలుగు పెట్టెలు, నాలుగూ తెరుచుకున్నట్టే.

617 అంకెల ప్రపంచంలో ఉన్న ప్రధాన సంఖ్యల రాశి ఊహకందనిది. అందులో ఇద్దరు కాకతాళీయంగా ఒకదాన్నే ఎంచుకోవడం జరగని పని. మరి ఇదెలా? ఆయనే తేల్చారు. పెట్టెకి మొదటిసారి కరెంటు ఇవ్వగానే కొన్ని సెకన్లలో తాళం తయారైపోతోంది. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టాలంటే సిస్టమ్‌కి ఊహించలేని ముడిసరుకు కావాలి. దానికి కీబోర్డ్ లేదు, మౌస్ లేదు, అప్పటికి నెట్‌వర్క్ రాకపోకలూ లేవు. దాంతో రెండు పెట్టెలు ఒకే స్థితిలో మొదలై ఒకే మొదటి ప్రధాన సంఖ్యని ఎంచుకున్నాయి. రెండోదాన్ని వెతికేలోపు ఒకదాని గడియారం ఒక సెకను ముందుకు జరిగింది, అక్కడ దారులు వేరయ్యాయి. మొదటిది ఒకటే, రెండోది వేరు. గసాభాకి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు.

ఇది మా పెట్టెల జబ్బు మాత్రమే కాదు. 2012లో నాడియా హెనింజర్, ఆమె సహచరులు ఇంటర్నెట్ అంతటా కనిపించే తాళాల్ని సేకరించి ఇదే లెక్క చేశారు. వెబ్ భద్రతకి వాడే యంత్రాల్లో సుమారు 0.5 శాతం వాటి రహస్య తాళాలు ఇలా బయటపడ్డాయి. ఎక్కువ భాగం రౌటర్లు, ఫైర్‌వాల్స్ లాంటి చిన్న పరికరాలవే. కోటికి పైగా లబ్ధాల్ని జతజతగా చూస్తే ఏళ్లు పడుతుంది. అందుకని వాళ్లు అన్నిటినీ గుణించి ఒకే మహా సంఖ్య చేసి, ఒక్కో తాళానికీ మిగతా అన్నిటి లబ్ధంతో ఒకేసారి గసాభా తీశారు. కొన్ని గంటల్లో పని ముగిసింది.

మేం ఆ నాలుగింటితో పాటు ఒకే తాళమున్న రెండు పెట్టెలకీ కొత్త తాళాలు వేసి, పాతవి రద్దు చేశాం. లినక్స్‌లో `getrandom()` అనే సదుపాయం ముడిసరుకు సరిపడా చేరేదాకా ఆగి, ఆ తర్వాతే జవాబిస్తుంది. తాళం తయారీని దాని మీదకి మార్చాం. మొదటిసారి ఆన్ చేసినప్పుడు పెట్టె కాస్త ఆలస్యంగా లేస్తుంది, అంతే.

మిగతా 406 పెట్టెల తాళాలు కూడా మార్చాలా అని మీటింగ్‌లో ఒకరడిగారు. గసాభా 1 వచ్చిందంటే మా 412లో జోడీ లేదని మాత్రమే అర్థం. అదే ప్రధాన సంఖ్య బయట ఇంకెవరి పెట్టెలోనైనా ఉందేమో ఆ 1 చెప్పదు. పాత పద్ధతిలో పుట్టిన తాళాలన్నీ మార్చేశాం.