నవంబరు 28, మే 28

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా జువ్వలదిన్నె పడవలు ఒడ్డునే ఉంటాయి. అరవై ఒక్క రోజులు. చిరిగిన వల బాగుచేసుకోవాలన్నా, ఇంజను విప్పించాలన్నా ఇదే అదను. డబ్బు చేతిలో ఆడనిదీ ఇప్పుడే. నగలు తాకట్టులో ఉంటే, ఇక ట్రంకుపెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో చుట్టిపెట్టిన ఎల్‌ఐసీ బాండు బయటికి వస్తుంది.

ఆ బాండు మీద అప్పు అడుగుతూ రాసే ఉత్తరంలో పొడుగాటి కష్టాలు అక్కర్లేదు. బ్రాంచి గుమాస్తా వెతికేవి వేరు: పాలసీ నంబరు, బాండు మీద ఉన్నట్టుగానే పేరు, పాలసీ మొదలైన తేదీ, బీమా మొత్తం, చివరిగా ఏ నెల ప్రీమియం కట్టారు, డబ్బు పడాల్సిన బ్యాంకు ఖాతా. బాండులో ఇంటిపేరు ఒక అక్షరంతో, ఆధార్లో మొత్తంగా ఉందనుకోండి, కాగితం అక్కడే ఆగుతుంది. ఆ తేడా సంగతి ఉత్తరంలోనే ఒక్క వాక్యంలో చెప్పేస్తే ఒక తిరుగుడు తగ్గుతుంది.

ఒక పడవాయన ఉన్నాడనుకుందాం. తొమ్మిదేళ్ల కింద నవంబరు 28న మొదలైన 2,00,000 రూపాయల ఎండోమెంట్ పాలసీ ఆయనది, ప్రీమియాలు బాకీ లేవు. లోన్ కొటేషన్ అడిగితే సరెండర్ విలువ 80,000 అని తేలింది. అప్పు లెక్కకు ఆధారం ఇదే. బీమా మొత్తం రెండు లక్షలు కదా అని లక్ష అడిగితే రాదు. ప్రీమియం నడుస్తున్న పాలసీకి సరెండర్ విలువలో 90 శాతం వరకు ఇస్తారు, అంటే 72,000. (సరెండర్ విలువే లేని టర్మ్ పాలసీ మీద అప్పు పుట్టదు.) వలకు కావాల్సింది 60,000. ఆయన అంతే అడిగాడు.

ఉత్తరం ఇలా ఉంటుంది: “కావలి బ్రాంచి మేనేజరు గారికి, జువ్వలదిన్నె, బోగోలు మండలం నుంచి నమస్కరించి రాయునది. పైన తెలిపిన నా పాలసీ మీద 60,000 రూపాయల అప్పు ఇప్పించగలరు. అసలు బాండు, సంతకం చేసిన దరఖాస్తు, బ్యాంకు పాస్‌బుక్ నకలు జతపరిచాను. ఈ పాలసీ ఇంతకు ముందు ఎవరికీ బదిలీ చేయలేదు.” అప్పు తీరేదాకా బాండు సంస్థ పేరిట అసైన్ అయి వాళ్ల దగ్గరే ఉంటుంది. భార్య నామినీగా ఉంటే ఆ నామినేషన్ పోదు. ఆయనకు జరగరానిది జరిగితే అప్పూ వడ్డీ మినహాయించుకుని మిగతాది ఆమెకు ఇస్తారు.

తర్వాతిది తిరిగి కట్టే సంగతి. ఇక్కడే చాలామంది కడతాను అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. నిజానికి ఈ అప్పుకు నెలవారీ వాయిదా లేదు. అసలు ఎప్పుడైనా కట్టొచ్చు, కట్టకపోతే పాలసీ గడువు తీరినప్పుడు మినహాయించుకుంటారు. ఆరు నెలలకోసారి వడ్డీ మాత్రం కట్టాలి. నెలకే తీర్చేసినా కనీసం ఆరు నెలల వడ్డీ పడుతుంది.

ఆ ఆరు నెలలు అప్పు తీసుకున్న రోజు నుంచి లెక్కకు రావు. పాలసీ పుట్టిన తేదీని బట్టి వస్తాయి. ఈయనకైతే నవంబరు 28, మే 28. మే నెల వేట నిషేధంలో పోతుంది, నవంబరు తుపాన్ల నెల. రెండు గడువులూ చేతిలో పైస లేనప్పుడే వచ్చి కూర్చున్నాయి! మే 5న అప్పు తీసుకుంటే మొదటి గడువు ఇరవై మూడు రోజుల్లోనే వస్తుంది. ఆ కొద్ది రోజుల వడ్డీని అప్పు డబ్బులోంచే పక్కన పెట్టుకోవాలి.

వడ్డీ రేటు బ్రాంచిలో చెప్పినదే ఖాయం. లెక్కకు 9.5 శాతం అనుకుంటే 60,000 మీద ఆరు నెలలకు 2,850. కట్టకపోతే అది అసలులో కలిసి, మళ్లీ దాని మీద వడ్డీ పడుతుంది. మూడున్నరేళ్లు ఒక్క రూపాయి కట్టకుండా వదిలేస్తే బాకీ 83,000 దాటుతుంది. ప్రీమియం కడుతూ ఉంటే సరెండర్ విలువా పెరుగుతుంది కాబట్టి పాలసీ నిలబడుతుంది. ప్రీమియం కూడా ఆగిపోయిన పాలసీలో బాకీ ఆ విలువను మించిందంటే సంస్థ పాలసీనే ముగించేస్తుంది. ఇంటికి వచ్చిన వడ్డీ నోటీసును చదవకుండా చూరులో దోపే ఇళ్లలో ఈ సంగతి చివరికి గాని తెలియదు.

అందుకని ఆయన చివరి పేరా సముద్రాన్ని చూసి రాశాడు: “జూన్ 15 తర్వాత వేట మొదలైనాక, సెప్టెంబరు 15 లోపు అప్పటి వడ్డీతో పాటు అసలులో 20,000 కడతాను. మార్చి నెలాఖరుకు ఇంకో 20,000, మళ్లీ సెప్టెంబరుకు మిగతా 20,000 కట్టి బాండు తీసుకుంటాను.” ఈ పేరా లేకపోయినా బ్రాంచి అప్పు ఇస్తుంది, ఆ మాట గుర్తుపెట్టుకోవాల్సింది ఇంట్లోవాళ్లే. అందుకే ఉత్తరం నకలొకటి ఆయన భార్య క్యాలెండరు వెనక అంటించుకుంది, సెప్టెంబరు పేజీ మీద సున్నా చుట్టి.