మూడో చాప్టర్ ఎవరిది?

మేనకోడలు ఫోన్‌లో ఒకటే ఏడుపు. నలుగురు కలిసి రాసిన ప్రాజెక్ట్ రిపోర్టులో మూడో చాప్టర్ ఏఐ రాసిందని గైడ్ తేల్చేశారట. ‘మిగతావాటితో శైలి కలవట్లేదు, సాఫ్ట్‌వేర్ కూడా అదే అంటోంది’ అని.

కలవదు మరి, రాసింది వేరే పిల్ల!

ఆ అమ్మాయి ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో తెలిసిన మాటలతో, పొట్టి వాక్యాల్లో జాగ్రత్తగా రాస్తుంది. తర్వాతి మాట సులువుగా ఊహించగలిగితే చాలు, ఆ సాఫ్ట్‌వేర్‌కి అనుమానం.

(అరణ్యపర్వం మధ్యలో నన్నయ ఆగి ఎర్రన అందుకున్న చోట ఏమనేదో!)

గూగుల్ డాక్స్‌లో వెర్షన్ హిస్టరీ చూపించమన్నాను. ఎవరు ఏ వాక్యం ఎప్పుడు కొట్టారో, ఎక్కడ దిద్దారో ఉంటుంది. కానీ ఆ అమ్మాయి వర్డ్‌లో రాసి ఒకేసారి పేస్ట్ చేసిందట.

ఇప్పుడు గైడ్‌కి ఏం చూపించాలి? లెక్చరర్లెవరైనా ఉంటే చెప్పండి.