సిరవార అవ్వకు ఒక ఉత్తరం

2024 డిసెంబరులో జిల్లా స్థాయి పోటీల కోసం మా బడి నుంచి ముగ్గురు అమ్మాయిలం, మా మేడమ్‌గారు సిరవార వెళ్లాం. అక్కడ ఒకరి ఇంట్లో రెండు రాత్రులు ఉన్నాం. వాళ్లు మేడ మీద గది బయటి ఊరి వాళ్లకు ఇస్తారు, భోజనం కూడా పెడతారు. తిరిగొచ్చాక మేడమ్‌గారు ఆ ఇంటివాళ్లకు ఉత్తరం రాయమన్నారు. నేను "మీ ఆతిథ్యం మరువలేనిది" అని ఆరు వాక్యాలు రాసి చూపించాను. "ఇది ఎవరింటికైనా పంపొచ్చు కదమ్మా, ఆ ఇంట్లో నువ్వు చూసింది ఏదీ?" అన్నారు. అందుకని మళ్లీ రాశాను. ఇదే ఆ ఉత్తరం.

సిరవార అవ్వకు నమస్కారాలు.

అవ్వా, మీరు తెలుగు మాట్లాడతారు గానీ చదవరని నాకు తెలుసు. గద్వాల అక్క మీకు చదివి వినిపిస్తుందని తెలుగులోనే రాస్తున్నాను. నా కన్నడ మార్కులు మీకు చెప్పాను కదా, అందుకే సాహసం చెయ్యలేదు.

మేము సింధనూరులో బస్సు మారి మీ ఊళ్లో దిగేసరికి చీకటి పడింది. మీరు గడపలోనే నిలబడి "ఊట చేసినరా?" అని అడిగారు. చెయ్యలేదు అనకుండానే పళ్లేలు పెట్టేశారు. మేడ మీద గది చిన్నదని, ఇద్దరిని కింద పత్తి పోసిన గదిలో పడుకోమన్నారు. సగం గది వరకు పత్తి, మిగతా సగంలో మా చాప. మా క్యాంపులో అందరిదీ వరే. ఇంట్లో పత్తి గుట్ట ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. ధర పెరిగేదాకా అమ్మకుండా ఉంచారని, తడి తగిలితే రంగు మారి ధర పోతుందని అజ్జ చెప్పారు. ఆ రాత్రి బయట చలి, లోపల వెచ్చగా ఉంది. పొద్దున్నే నా జడలో నుంచి మీరు పత్తి పోగులు తీసి, మళ్లీ ఆ గుట్టలోనే వేశారు. ఒక్క పోగు కూడా కింద పడెయ్యలేదు.

రొట్టె సంగతి రాయకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. నేను చేస్తానని పిండి ముందేసుకుని కూర్చున్నాను. చన్నీళ్లు పోసి కలిపాను. తట్టగానే అంచులన్నీ ఎండిపోయిన చెరువులా పగిలిపోయాయి. మీరు నవ్వి, ఎసరు మరిగించి పిండిలో పోశారు. కర్రతో కలిపి, వేడి కాస్త తగ్గాక అరచేత్తో నొక్కి నొక్కి మెత్తగా చేశారు. జొన్నపిండిలో గోధుమపిండికి ఉండే జిగురు ఉండదు, వేడినీళ్లే దానికి జిగురు అన్నారు. పిండి పట్టించి ఎక్కువ రోజులైనా విరుగుతుందట. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో తుడిచారు. ఆ తడి ఆరగానే తిప్పారు, ఆరక ముందు తిప్పితే పెనానికి అంటుకుంటుందన్నారు. తర్వాత నిప్పు దగ్గర నిలబెడితే బూరెలా పొంగింది. నేను చేసిన నాలుగో రొట్టె కొంచెం గుండ్రంగా వచ్చింది. అది మీరే తిన్నారు. నేను చూశాను.

దాంట్లోకి పుండి పల్య పెట్టారు. పేరు విని ఏదో కొత్త కూర అనుకున్నాను. నోట్లో పెట్టుకుంటే గోంగూర! జొన్న నూక, పప్పు వేసి ఉడికించి, వెల్లుల్లి పోపు పెట్టారు. మా ఇంట్లో గోంగూర అంటే పచ్చడే. మా తాతగారు గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నారు. గోంగూర మా ఊరి నుంచి మేమే తెచ్చామని మా నాయనమ్మ ఇప్పటికీ అంటుంది. మీ ఇంట్లో పుండి పల్య మీ అవ్వ కాలం నుంచీ ఉందని చెప్తే ఒప్పుకోలేదు. తను వచ్చి తిని చూడాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం రాస్తాను. దీని కోసమే రెండు వారాలు ఆలస్యం చేశాను.

మొదటి రోజు పొద్దున మేము నలుగురం తలస్నానాలు చేశాం. యూనిఫాంలు ఉతుక్కున్నాం. పంపు తిప్పగానే నీళ్లు వస్తుంటే ఎన్ని వాడుతున్నామో చూసుకోలేదు. నేనైతే మూడు బకెట్లు పోసుకున్నాను. ఏడున్నరకి నీలం డ్రమ్ము అడుగు కనబడింది. మీరు వచ్చి చూసి, ఏమీ అనకుండా మూత పెట్టారు. కాసేపటికి అజ్జ సైకిలుకు నాలుగు బిందెలు కట్టుకుని వెళ్లారు. నేను కిటికీలోంచి చూసి, రోజూ అలాగే వెళ్తారేమో అనుకున్నాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక మీరు పళ్లేలు కొంచెం నీళ్లతో కడిగి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోశారు. అది కూడా అలవాటే అనుకున్నాను.

చివరి రోజు సాయంత్రం గద్వాల అక్కని అడిగితే చెప్పింది. మీ వీధికి నల్లా నాలుగు రోజులకు ఒకసారి వస్తుందట. మేము ఖాళీ చేసిన డ్రమ్ము ఇంకో రెండు రోజులు రావాల్సిందట. అజ్జ ఆ రోజు బోరింగు దగ్గరికి మూడుసార్లు తిరిగారట. "మాకు ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. "అవ్వ చెప్పనియ్యలేదు. చుట్టాలకు నీళ్ల లెక్క చెప్తారా అని కోప్పడింది" అంది అక్క. మేము డబ్బులిచ్చి దిగినవాళ్లం. మీ లెక్కలో చుట్టాలం. నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. అందుకే వచ్చేటప్పుడు మీ కాళ్లకు దణ్ణం పెట్టి, ఏమీ చెప్పకుండా బస్సెక్కాను.

అవ్వా, ఆ నీళ్లకు క్షమించండి. ఇంకో నీళ్ల సంగతి కూడా ఉంది.

పోటీలు అయ్యాక అజ్జ మమ్మల్ని పొలానికి తీసుకెళ్లారు. రెండెకరాలు, సగం పత్తి, సగం జొన్న. నల్లరేగడి కాబట్టి వానల్లో తాగిన తడి, ఆ పైన మంచు చాలు, జొన్న పండుతుందన్నారు. పత్తికి మాత్రం మొదటి తీత అయ్యాక ఒక్క తడి దొరికితే రెండోసారి కాయ నిలుస్తుందట. పొలం పక్కనే పిల్లకాలువ ఉంది. అది తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లే. కానీ దాంట్లో నీళ్లు లేవు, గడ్డి మొలిచింది. "పైన నాట్లు పడేటప్పుడు వస్తయి. మాకు కావాల్సినప్పుడు రావు" అన్నారు అజ్జ. ఈ కాలువ కింద ఎక్కువ భూమికి జొన్న, పత్తి, వేరుశనగ లాంటి తక్కువ నీటి పంటలే అనుకుని లెక్క వేశారట. ఎగువన అందరూ వరి పెట్టేసరికి ఆ లెక్క తప్పింది. వరికి మడిలో నీళ్లు నిలబడి ఉండాలి. పత్తికి అప్పుడప్పుడు ఒక తడి చాలు. పైన ఒక మడి నిండా పెట్టే నీళ్లు కింద ఎన్ని చేలు తడుపుతాయో అజ్జ చేతివేళ్ల మీద లెక్క చెప్తున్నారు. నేను తల దించుకున్నాను.

ఎందుకంటే "మీ పొలం ఎక్కడ పాపా?" అని అడిగినప్పుడు, "సింధనూరు దగ్గర క్యాంపు అజ్జా, నాలుగెకరాల వరి" అని మొదటి రోజే గొప్పగా చెప్పాను. అజ్జకు అది గుర్తుంది. అయినా నా మీద కోపంగా ఒక్క మాట అనలేదు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము 19వ గేటు కొట్టుకుపోయిన సంగతి చెప్పారు. గొలుసు తెగి గేటు పోయింది, నీళ్లు నదిలోకి పోతున్నాయని తెలిసి నిద్ర పట్టలేదట. మా నాన్న కూడా ఆ రాత్రి పడుకోలేదు, ఫోను చూస్తూ వాకిట్లోనే కూర్చున్నాడు. వారంలోపు అడ్డు పలకలు దించి నీళ్లు ఆపారు, తర్వాత వానలకు డ్యాము మళ్లీ నిండింది. "ఆ రాత్రి పైనోళ్లు కిందోళ్లు అని లేదు పాపా, అందరం ఒకటే" అన్నారు అజ్జ. నీళ్లు వచ్చాక మళ్లీ పైనా కిందా అయ్యాం అని ఆయన అనలేదు. నాకే అనిపించింది.

ఇంటికొచ్చి నాన్నకి అంతా చెప్పాను. మొదట "మా పైన గంగావతి వాళ్లున్నారు, వాళ్లనెవరు అడుగుతారు? వరి పెట్టకపోతే అప్పు ఎలా తీరుద్ది?" అన్నాడు. అది కూడా నిజమే. మాకు కౌలు, ఎరువుల అప్పు ఉన్నాయి. మిల్లు వాళ్లు కొనేది వడ్లే. నాకు జవాబు దొరకలేదు. కానీ వంతు వచ్చిన రాత్రుల్లో మడవ తెరిచి పడుకుంటే మడి నిండి, నీళ్లు పొర్లి మురుగు కాలువలోకి పోతాయి. అది మాత్రం ఆపొచ్చు కదా అన్నాను. నాన్న ఏమీ అనలేదు. ఈసారి కాలువ వదిలాక ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం ఖాళీగా ఉంది. టార్చి పట్టుకుని పొలానికి వెళ్లి మడవ కట్టేసి వచ్చాడు. పొద్దున్న అడిగితే "నిద్ర పట్టక వెళ్లానులే" అన్నాడు. ఆ నీళ్లు మీ పిల్లకాలువ దాకా వస్తాయని నేను అనుకోవట్లేదు. మధ్యలో ఎన్ని మడవలో. అయినా మీకు చెప్పాలనిపించింది.

మీరు గుడ్డలో కట్టిచ్చిన కడక్ రొట్టెలు ఇరవై. పది రోజులైనా పాడవ్వలేదు. నాయనమ్మకు పళ్లు లేవు కాబట్టి మజ్జిగలో నానబెట్టుకుని తింది. గురెళ్ల పొడి మాత్రం మా తమ్ముడు రెండు రోజుల్లో అవగొట్టేశాడు.

మీ వైపు వచ్చే లారీలో నాన్న పది కిలోల సోనామసూరి బియ్యం పంపిస్తున్నాడు. మా పొలంవే. మీరు బియ్యం పండుగకే వండుతారని అక్క చెప్పింది. సంక్రాంతికి వండుకోండి. మీ కాలువలోకి రావాల్సిన నీళ్లు కొన్ని వీటిలో ఉన్నాయనుకోండి అవ్వా. ఇంకోలా పంపడం నాకు తెలియలేదు.

మళ్లీ వస్తే ఒక్క బకెట్టుతో స్నానం చేస్తాను. పిండికి ఎసరు నేనే పెడతాను. అజ్జకు నమస్కారాలు. గద్వాల అక్కకు ఈ ఉత్తరం చదివినందుకు థాంక్స్.

మీ ఇంట్లో పత్తి గదిలో పడుకున్న పాప
పదో తరగతి