మూడు సెకన్ల అప్పు, ఆర్నెల్ల తారీఖులు

చెక్అవుట్ పేజీని కూడా ఒక రచన లాగే చదవాలనిపిస్తుంది నాకు. దానికీ ఓ కథన క్రమం ఉంది. ఏది పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఏది మడత వెనక దాక్కుంటుంది, ఏ మాటని జాగ్రత్తగా తప్పించారు అన్నది చూస్తే రాసినవాడి ఉద్దేశం తెలిసిపోతుంది. ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ అన్న బటన్ ఉన్న పేజీలో ‘అప్పు’ అన్న మాట ఎక్కడుందో ఎప్పుడైనా వెతికారా? బటన్ మీద ఉండదు. ఆ తర్వాత వచ్చే పత్రంలో, చాలా కింద ఉంటుంది.

రెండేళ్లపాటు ఒక పేమెంట్ కంపెనీలో ఇలాంటి పేజీల వెనకాల కోడ్ రాశాను కాబట్టి, అందరూ అబ్బురపడే ‘క్షణాల్లో అప్రూవల్’ నాకు మరోలా కనిపిస్తుంది. మీరు బటన్ నొక్కాక సిస్టమ్ మీ గురించి కూర్చుని ఆలోచించదు. ఆలోచన చాలావరకు ముందే అయిపోయి ఉంటుంది. ఆ షాపింగ్ యాప్‌లో మీ పాత కొనుగోళ్లు, ఎన్నిసార్లు వెనక్కి పంపారు, ఎన్నాళ్లుగా అదే నంబరు, అదే చిరునామా వాడుతున్నారు, ఇవన్నీ కలిపి, ‘ఈ మనిషికి ఇంత వరకు ఇవ్వచ్చు’ అన్న పరిమితి ఏదో ఒక రాత్రి లెక్కల్లో తేలిపోయి ఉంటుంది. మీరు పేజీ తెరిచేసరికి చూడాల్సింది మూడు నాలుగు విషయాలే. పరిమితిలో ఎంత మిగిలింది, బుట్టలో ఉన్నది ఎంత, ఫోను ఎప్పుడూ వాడేదేనా, గత గంటలో ఇలాంటి ప్రయత్నాలు ఎన్ని జరిగాయి. దానికి సెకను చాలు. మొదటిసారైతే పాన్ నంబరు, ఆధార్ ఓటీపీ, ఒక సెల్ఫీ, క్రెడిట్ బ్యూరో రిపోర్టు తోడవుతాయి. అయినా టీ చల్లారేలోపు అయిపోతుంది.

ఇక్కడ గమనించాల్సింది, ఆ సెకనులో అడిగే ప్రశ్న ఏమిటన్నది. ‘ఇతను ఇది కొనచ్చా’ అని ఎవరూ అడగరు. ‘ఇతని దగ్గర వసూలు చేయగలమా, చేయలేకపోతే ఎంత పోతుంది’ అన్నదే ప్రశ్న. అప్రూవ్ అయిందంటే మీకు స్తోమత ఉందని ఎవరో ధ్రువీకరించినట్టు కాదు. మీ వల్ల వచ్చే నష్టం వాళ్లు భరించగలిగినంతే అని తేలినట్టు. ఈ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇంకో గుడ్డి మచ్చ కూడా ఉంది. మన దేశంలో ఇలాంటి చిన్న అప్పుల్ని కూడా క్రెడిట్ బ్యూరోలకి చెప్పి తీరాలని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబరు నాటి డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల్లోనే పెట్టింది. కానీ ఆ సమాచారం అదే నిమిషంలో చేరదు. ఒకప్పుడు నెలకోసారి పంపేవారు. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకోసారి పంపమన్నారు. అంటే ఒకే ఆదివారం సాయంత్రం మూడు యాప్‌లలో మూడు అప్పులు తీసుకుంటే, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలిసే అవకాశం తక్కువ. ముగ్గురూ ‘ఓకే’ అంటారు. మొత్తం లెక్క తెలిసినవాడు ఆ గదిలో ఒక్కడే, ఫోన్ పట్టుకున్నవాడు.

మా పిన్ని కొడుకు విషయంలో జరిగింది ఇదే. ఖమ్మం నుంచి వచ్చి, హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగం, అమీర్‌పేటలో హాస్టల్. జీతం 31,000, ప్రతి నెలా 7న పడుతుంది. ఒక నెల బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ చూపించి, “అన్నా, నేను కట్టనిదేం లేదు, మరి ఈ కోత ఏంటి?” అని అడిగాడు. ఇద్దరం కాగితం మీద అన్నీ రాశాం. మూడు ప్లాన్లు తేలాయి.

మొదటిది హెడ్‌ఫోన్లు. 6,000 రూపాయలు, మూడు భాగాలు, వడ్డీ లేదు. 2,000 కొన్న రోజే, మిగతా రెండూ తర్వాతి రెండు నెలల్లో అదే తారీఖున. మొదటి భాగం ఈరోజే ఎందుకు తీసుకుంటారో తెలుసా? ఒకటి, మీ కార్డో ఖాతానో బతికే ఉందని తెలుస్తుంది. రెండు, అప్పిచ్చినవాడి రిస్కు 6,000 నుంచి 4,000కి వెంటనే పడిపోతుంది. మరి వడ్డీ లేకుండా వాడికేం మిగులుతుంది? దుకాణదారు ఇస్తాడు. ఉదాహరణకి దుకాణదారు 3 శాతం వదులుకున్నాడనుకుందాం. అప్పిచ్చినవాడు అతనికి 5,820 పంపి, మీ దగ్గర అదే రోజు 2,000 తీసుకుంటాడు. అంటే జేబులోంచి పోయింది 3,820. రెండు నెలల్లో వెనక్కొచ్చేది 4,000. నెలకి మూడు శాతం పైచిలుకు. మీకు వడ్డీ కనపడలేదు అంతే, అది వస్తువు ధరలోనే ఎక్కడో కూర్చుని ఉంది.

రెండోది ఫోన్. 18,000, ‘నో కాస్ట్ ఈఎంఐ’, ఆరు నెలలు, నెలకి 3,000. ఆరు మూళ్లు పద్దెనిమిది, లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ వడ్డీ లేని అప్పు అంటూ ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. అందుకే ఇప్పుడు లెక్క వెనక నుంచి కడతారు. వాడి ఒప్పందంలో వడ్డీ ఏడాదికి 15 శాతం. నెలకి 3,000 చొప్పున ఆరు కిస్తీలు రావాలంటే అసలు 17,238 ఉండాలి. మిగిలిన 762 ఫోన్ మీద ‘డిస్కౌంట్’గా చూపించి, దాన్నే వడ్డీగా వసూలు చేస్తారు. మొదటి కిస్తీలో వడ్డీ 215 రూపాయలు, చివరి దాంట్లో 37. దీనికి తోడు ప్రాసెసింగ్ ఫీజు 199, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 235.

నిజమైన ఖర్చు తేల్చాలంటే ఒక్క ప్రశ్న వేసుకోవాలి: మొత్తం ఒకేసారి కట్టేస్తే ఎంతకి వచ్చేది? 18,000కే వచ్చేదైతే ఫీజు ఒక్కటే ఖర్చు. ఏడాదికి నాలుగున్నర శాతం లాంటిది, చవకే. అదే రోజు ఒకేసారి కట్టేవాళ్లకి కూడా ఆ 762 తగ్గింపు ఉండుంటే మాత్రం, అప్పు ఖరీదు ఇరవై శాతానికి దగ్గరవుతుంది. ‘నో కాస్ట్’ అన్న మాట అబద్ధమా నిజమా అన్నది పక్కనున్న ఇంకో ధర చెప్పాలి. దాన్ని చూడాలంటే పేమెంట్ పద్ధతి మార్చి మొత్తం ఎంత చూపిస్తుందో చూడటమే.

మూడోది బట్టలు. నెల మొదట్లో మొత్తం ఒకేసారి కట్టే ఖాతా, బిల్లు 1,450, గడువు 3వ తారీఖు.

విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. ఆ నెల మూడూ కలిపి 6,450. జీతంలో ఐదోవంతు. గొడవ మొత్తంలో లేదు, తారీఖుల్లో ఉంది. ఫోన్ కిస్తీ 5న. ఒకటో తారీఖు జీతాలొచ్చే వాళ్లని దృష్టిలో పెట్టుకుని చాలామంది అప్పిచ్చేవాళ్లు ఆ ప్రాంతంలోనే పెడతారు, డబ్బు ఖర్చయిపోకముందే లాగేసుకోవడానికి. మావాడి జీతం 7న. 3వ తారీఖున బట్టల బిల్లు 1,450 పోయింది. 5న ఖాతాలో 2,610 మిగిలాయి, కావాల్సింది 3,000. ఆటో డెబిట్‌కి సర్దుకోవడం తెలీదు. ఉన్నది తీసుకుని మిగతాది తర్వాత అనదు. మొత్తం ఉంటే తీస్తుంది, లేకపోతే ఫెయిల్. అప్పిచ్చినవాడు బౌన్స్ చార్జి 400 వేశాడు. బ్యాంకు తన వంతుగా 250, జీఎస్టీతో 295 కోసింది. 8న మళ్లీ ప్రయత్నిస్తే 3,000 వెళ్లిపోయాయి.

390 రూపాయలు తక్కువైనందుకు 695. ఆ 3,000కి మూడు రోజులకి 15 శాతం వడ్డీ కడితే నాలుగు రూపాయలు కూడా రాదు. వడ్డీ లేని అప్పులో అసలైన ఖర్చు ఎక్కడుంటుందో నాకు ఇంతకంటే స్పష్టంగా ఎక్కడా కనపడలేదు. పైగా ఆ ఆలస్యం బ్యూరో రిపోర్టుకి కూడా ఎక్కచ్చు. రేపు వాడు బైక్ లోనుకో ఇంటి లోనుకో వెళ్లినప్పుడు, హెడ్‌ఫోన్లు పాతబడి పోయుంటాయి, ఆ గీత మాత్రం ఉంటుంది.

“ముందే చెప్పాలి కదన్నా!” అన్నాడు. చెప్పారు. అప్పు ఒప్పుకునేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలన్నది నిబంధన. అందులో ఏపీఆర్ ఉంటుంది, అంటే ఫీజులు కూడా కలిపిన ఏడాది ఖర్చు. బౌన్స్ చార్జీ ఉంటుంది, కిస్తీల పట్టిక ఉంటుంది. యూపీఐ ఆటోపే అయితే డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ కూడా రావాలి. పత్రం పీడీఎఫ్‌గా మెయిల్‌లో పడి ఉంది, తెరవని మెయిళ్ల మధ్యలో. నేను దాన్ని చివరి నుంచి మొదటికి చదవమని చెప్పాను. ముందు పట్టికలో తారీఖులు, ఆ తర్వాత చార్జీలు, ఆఖర్న వడ్డీ. తారీఖు జీతానికి ముందు పడితే, ఒప్పుకునేముందే మార్చమని అడగాలి, కొందరు మారుస్తారు. ఒప్పుకున్నాక కుదరదంటే, కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ లోపల అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి, జరిమానా లేకుండా బయటపడచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం వెనక్కి రాకపోవచ్చు.

మా తాత ఊళ్లో శెట్టి కొట్టు మీద ‘ఈరోజు నగదు, రేపు అరువు’ అని బోర్డు ఉండేది. అయినా అరువు ఇచ్చేవాడు. పద్దు పుస్తకంలో రాసుకుని, మిర్చి అమ్మాక కట్టమనేవాడు. ఆయనేం దానకర్ణుడు కాదు, ధరలో తన వాటా వేసుకునే ఇచ్చేవాడు. కానీ గడువు మాత్రం కొనేవాడి పంటని బట్టి పెట్టేవాడు, ఎందుకంటే పంట రాకముందు అడిగితే ఏమీ రాదని ఆయనకి తెలుసు. ఈ పేజీలకి మన గురించి శెట్టికంటే వెయ్యి రెట్లు ఎక్కువ తెలుసు. జీతం ఎప్పుడు పడుతుందన్న ఒక్క విషయం మాత్రం చాలా పేజీలు అడగవు. అడగడానికి ఒక చిన్న డ్రాప్‌డౌన్ చాలు. రాయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టదు.

మావాడు మిగిలిన కిస్తీల కోసం వేరే ఖాతా తెరిచాడు. జీతం పడగానే వచ్చే నెల కిస్తీలు అందులోకి పంపేస్తున్నాడు. ఆ ఖాతాకి వాడు పెట్టిన పేరు ‘నాది కాదు’.