నానీమాని తెలుగులో ఏమనాలి?

మన ఇళ్లల్లో దాదీమా అంటే అబ్బా వాళ్ల అమ్మ, నానీమా అంటే అమ్మీ వాళ్ల అమ్మ. తెలుగులోకి వచ్చేసరికి దాదీమా నానమ్మ అవుతుంది, నానీమా అమ్మమ్మ అవుతుంది. పెద్దవాళ్లం కనుక మనం తడుముకోం. కానీ ఇంట్లో ఉర్దూ, బళ్లో తెలుగు మాట్లాడే పిల్లల చెవికి 'నానీమా', 'నానమ్మ' ఒకే లఫ్జ్‌లా వినిపిస్తాయి. మా భాయీజాన్ కొడుకు 8వ తరగతి. వాడు రాసిన సెలవు చిట్టీలో పెద్ద చిక్కంతా అక్కడే ఉంది.

ఆ గురువారం సాయంత్రం గిద్దలూరు నుంచి ఖబర్ వచ్చింది, వాడి నానీమా ఇంతెఖాల్ అయ్యారని. భాయీజాన్, భాభీ వెంటనే బయల్దేరారు. పొద్దున మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కించి వాణ్ని తీసుకెళ్లే పని నాకు పడింది. రాత్రి కూర్చుని వాడు రాసిన చిట్టీ ఇది:

"మహారాజశ్రీ గౌరవనీయులైన పూజ్యులైన క్లాస్ టీచర్ సార్ గారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది ఏమనగా, సార్ నేను బాగున్నాను మీరు బాగున్నారని తలుస్తాను. సార్ సాయంత్రం గిద్దలూరు నుంచి ఫోన్ వచ్చింది మా మామూ చేశాడు, అమ్మీ చాలా ఏడ్చింది, మా నానమ్మ చనిపోయింది సార్, ఆమెకి షుగర్ ఉంది, నంద్యాలలో కూడా చూపించారు తగ్గలేదు, అమ్మీ అబ్బా వెళ్లిపోయారు నేను చిచ్చాతో వెళ్తాను, రేపు జనాజా ఆదివారం జియారత్ కాబట్టి నాకు నాలుగు రోజులు సెలవు తప్పకుండా ఇవ్వాలి సార్. నన్ను క్షమించండి. ఇట్లు మీ ప్రియమైన విద్యార్థి."

చదువుతూ 'నానమ్మ' దగ్గర ఆగిపోయాను. వాడి నానమ్మ అంటే మా అమ్మీ. ఆమె నిరుడే పోయారు. అప్పుడు కూడా వీడు ఇదే సార్‌కి చిట్టీ ఇచ్చాడు, మూడు రోజులు బడికి పోలేదు. ఇప్పుడు మళ్లీ 'నానమ్మ చనిపోయింది' అని రాస్తే ఆ సార్‌కి శక్ రాదా? నానమ్మ ఎన్నిసార్లు చనిపోతుందిరా అని క్లాసులో అందరి ముందూ అడిగితే, నిజంగా ఏడ్చి వచ్చిన పిల్లాడు అబద్ధాలకోరుగా నిలబడాల్సి వచ్చేది. పోనీ 'నాని' అని రాస్తే ఇంకో తంటా. తెలుగు ఇళ్లల్లో నాని అంటే మగపిల్లాడి ముద్దుపేరు.

అందుకని ముందు ఆ లఫ్జ్ మార్పించాను. 'గిద్దలూరులో ఉండే మా అమ్మమ్మ, అంటే మా అమ్మగారి తల్లి' అని రాయించాను. ఆ నాలుగు మాటలతో ఎవరు పోయారో, ఏ ఊరు వెళ్లాలో రెండూ తెలిసిపోతాయి. షుగర్, నంద్యాల, ఫోన్ ఎవరు చేశారు, ఇవన్నీ తీసేయించాను. వాడు కాస్త నొచ్చుకున్నాడు. "అవన్నీ నిజమే కదా చిచ్చా" అన్నాడు. నిజమే బేటా, సార్ అడిగితే నోటితో చెప్పు అన్నాను.

తర్వాత 'చనిపోయింది'. ఇంట్లో మనం 'నానీ గుజర్ గయీ' అంటాం, అందులో బేఅదబీ ఏమీ లేదు. దాన్నే తెలుగులో పెడితే 'చనిపోయింది' అవుతుంది. కానీ పెద్దవాళ్ల గురించి కాగితం మీద రాసేటప్పుడు 'చనిపోయారు' అనాలి. 'ఇవ్వాలి' సంగతీ ఇంతే. 'ఛుట్టీ దేనా సార్' అంటే మన భాషలో మెత్తటి అడుగుడే. అదే 'సెలవు ఇవ్వాలి సార్' అయ్యేసరికి హుకుం అయిపోతుంది, పైన 'తప్పకుండా' తోడైతే ఇంకా గట్టిగా తగులుతుంది. 'ఇవ్వవలసిందిగా కోరుతున్నాను' అంటే సరిపోతుంది. వాడు కావాలని పొగరుగా రాయలేదు. ఉర్దూలో అనుకుని తెలుగులో రాశాడు, అంతే.

మొదట్లో వాడు పేర్చిన 'మహారాజశ్రీ', 'పూజ్యులైన', 'పాదపద్మములకు' కూడా తీసేశాం. అన్ని బిరుదులు ఇచ్చి చివర్లో హుకుం చేస్తే ఆ ఇజ్జత్ అంతా ఉత్తుత్తిది అయిపోతుంది. 'అయ్యా, నమస్కారం' చాలు. 'నన్ను క్షమించండి' కూడా అక్కర్లేదు, మయ్యత్‌కి పోవడం తప్పు కాదు.

ఇక రోజుల లెక్క. వాడు నాలుగు అన్నాడు. కేలెండర్ ముందు పెట్టుకుని లెక్కపెట్టించాను. శుక్రవారం జుమా తర్వాత జనాజా. శనివారం అక్కడే ఉంటాం. ఆదివారం జియారత్, ఆ రోజు ఎలాగూ బడి లేదు. సాయంత్రానికి తిరిగి రావచ్చు. అంటే బడి పోయేది రెండే రోజులు. హాజరు పట్టీలో సార్ గుర్తు పెట్టేది తారీఖు ఎదురుగానే కనుక, 'రెండు రోజులు' అని ఊరుకోకుండా ఏ తారీఖులో రాయాలి, తిరిగి ఏ రోజు వస్తాడో కూడా రాయాలి.

"జనాజా అని రాయనా, అంత్యక్రియలు అని రాయనా?" అని అడిగాడు. రెండూ రాయమన్నాను. మార్కాపురంలో జనాజా అంటే తెలియని సార్ అరుదు, కానీ జియారత్ అందరికీ తెలియకపోవచ్చు. చివరికి చిట్టీ ఇలా వచ్చింది:

"మార్కాపురం, 20-11-2025.

తరగతి ఉపాధ్యాయులు గారికి,

విషయం: అమ్మమ్మ మరణం కారణంగా రెండు రోజుల సెలవు కోసం.

అయ్యా, నమస్కారం. నేను 8వ తరగతి 'బి' విభాగంలో చదువుతున్నాను. గిద్దలూరులో ఉండే మా అమ్మమ్మ, అంటే మా అమ్మగారి తల్లి, ఈ రోజు సాయంత్రం చనిపోయారు. రేపు జనాజా (అంత్యక్రియలు), ఆదివారం జియారత్ (మూడో రోజు ప్రార్థనలు) ఉన్నాయి. అందువల్ల 21వ తేదీ శుక్రవారం, 22వ తేదీ శనివారం నాకు సెలవు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 24వ తేదీ సోమవారం బడికి వస్తాను. ఈ రెండు రోజుల పాఠాలు స్నేహితుల నోట్సు చూసి రాసుకుంటాను.

ఇట్లు, మీ విద్యార్థి"

కింద పేరు, రోల్ నంబరు రాశాడు. తల్లిదండ్రులు ఊళ్లో లేరు కనుక నేను సంతకం పెట్టి, పక్కన 'విద్యార్థి చిన్నాన్న, తల్లిదండ్రులు గిద్దలూరు వెళ్లారు' అని రాసి ఫోన్ నంబరు ఇచ్చాను. ఏ బంధుత్వమో చెప్పకుండా సంతకం ఒక్కటే ఉంటే అది పిల్లాడే పెట్టుకున్నాడేమో అని అనుమానం రావచ్చు. పొద్దున పక్కింటి అబ్బాయి చేతికిచ్చి పంపించాం.

ఇలాంటి చిట్టీలు మన పిల్లలకి ఏడాది పొడవునా పడుతూనే ఉంటాయి. మయ్యత్ కాకపోతే షాదీ. 'మా ఖాలా షాదీ' అని రాసేముందు ఆమె అమ్మీకి అక్కా, చెల్లెలా అడగండి. అక్క అయితే పెద్దమ్మ, చెల్లెలైతే పిన్ని. ఫూఫీ మేనత్త, మామూ మేనమామ, చిచ్చా చిన్నాన్న. ఇక అర్జీ, దరఖాస్తు, హాజరు, మంజూరు, తారీఖు అరబీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగులో కలిసిపోయినవే కనుక వాటి దగ్గర మన పిల్లలకి ఇబ్బంది లేదు. చుట్టాల పేర్ల దగ్గరే చిట్టీని ఒకసారి పెద్దవాళ్లు చూడాలి.