కొల్లేటి నుంచి ఎగువకు

తెల్లటి తల, వెనక రెండు నల్లచారలు. బార్ హెడెడ్ గూస్ అంటారని పెద్దయ్యాక తెలిసింది గానీ మా లంకలో పిల్లలకి అన్నీ బాతులే. ఎండలు ముదిరే వేళకి ఒక పొద్దున రేవులో అవి ఉండేవి కావు. ‘‘మూడు రోజుల్లో వాళ్ల ఊరు చేరిపోతాయిరా’’ అనేవాడు తాతయ్య.

లెక్కేస్తే ఆయన మాట నిజంలాగే ఉంటుంది. కొల్లేటి నుంచి మంగోలియాలోని తెర్ఖీన్ త్సగాన్ సరస్సుకి తిన్నగా సుమారు 3,900 కిలోమీటర్లు. గంటకి 60 చొప్పున 65 గంటలు. కానీ నిజంగా పట్టేది వారాలు, ఒక్కోసారి నెలలు.

కారణాలు దారిలోనే ఉన్నాయి. గంగ మైదానం దాకా పెద్ద చిక్కు లేదు, ఎదురుగాలి తప్ప. 60 అన్నది గాలిలో వేగం. గంటకి 20 కిలోమీటర్ల గాలి ఎదురొస్తే నేల మీద దక్కేది 40. అంటే 1,200 కిలోమీటర్లకి 20 గంటలు కావాల్సింది 30 అవుతుంది.

తర్వాత హిమాలయం. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే ఎనిమిది గంటల్లోపే దాటేశాయి. అదీ ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున. అప్పుడు గాలి చల్లగా, చిక్కగా ఉండి రెక్కకి పట్టు దొరుకుతుంది. ఒకే ఎత్తులో పోవు, కొండ దిగితే దిగుతాయి, ఎక్కితే ఎక్కుతాయి. ఎత్తు నిలుపుకోవడం కంటే అదే చవక.

అసలు కాలం తినేది టిబెట్. ఎగరడం కొవ్వుని కాల్చడమే, ఆ కొవ్వు మళ్లీ పట్టాలి. హెడెన్‌స్ట్రామ్, అలెర్‌స్టామ్ 1997లో చిన్న పిట్టలకి వేసిన లెక్కలో గంట ప్రయాణానికి ఏడు గంటల మకాం. ఆ లెక్కన మన 65 గంటలు 520 అవుతాయి, దాదాపు 22 రోజులు. ఒళ్లు బరువైన బాతుకి ఇంకా ఎక్కువే. కాబట్టి వేగాన్ని కాదు, మేతని లెక్కపెట్టాలి.

మొదటి మేత మా కొల్లేటిదే. ఈ బాతు గడ్డి తింటుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యమన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు, తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. నిలువు గట్ల లోతు చెరువులో గడ్డి మొలిచే అంచు ఎక్కడిది? ఇక్కడ పట్టని కొవ్వు కోసం పైన ఇంకెక్కడో ఆగాలి, అక్కడా తడినేల మిగిలి ఉంటే.

మంగోలియా దాకా నేను పోలేకపోయాను, టిబెట్‌లోనే లెక్క ఆగింది. మీరు ఫిబ్రవరిలో కొల్లేరు వస్తే పడవాయన్ని బాతులెక్కడని అడక్కండి. గడ్డి ఎక్కడుందో అడగండి.